పరాచికం, పరిచయం, వేధింపు: ఖరగ్‌పూర్‌లో కొత్త విద్యార్థి తొలి నెలలు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే తెలుగువారికి రెండు విషయాలు గుర్తుకు వస్తాయి. ఒకటి రైల్వే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనులకు ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన కుటుంబాల వారసులు నేటికీ మథురాకాటీ, నింపురా వంటి పేటలలో నివసిస్తున్నారు. రెండవది ఐఐటీ. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో ప్రారంభమైన ఆ సంస్థకు ప్రతి ఏటా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నుండి కొత్త విద్యార్థులు వస్తారు. ఇంటర్మీడియట్ వరకు తెలుగు తప్ప మరో భాష మాట్లాడవలసిన అవసరం రాని పిల్లలు, సూట్‌కేసుతో రైలు దిగి, హిందీ, బెంగాలీ వినిపించే హాస్టల్ వరండాలోకి అడుగుపెడతారు. అక్కడ వారిని మొదట పలకరించేది అధ్యాపకులు కారు, సీనియర్లు.

ఆ పలకరింపు ఎలా మొదలవుతుంది, ఎక్కడ దారి తప్పుతుంది అన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం. ర్యాగింగ్ అనగానే దెబ్బలు, మరణాలు, అరెస్టులు మాత్రమే వార్తలవుతాయి. అక్కడి వరకు చేరిన సంఘటనలలో తప్పు ఎవరిదో చెప్పడానికి ఎవరూ తడుముకోరు. కష్టమంతా దానికి ముందున్న వారాలలో ఉన్నది. అప్పుడు చేసేవారికీ, పడేవారికీ, పక్కన నిలబడి చూసేవారికీ కూడా అది ఇంకా సరదాగానే కనిపిస్తూ ఉంటుంది.

ఇంటిలోని వేళాకోళం

ఆటపట్టించడం తెలుగువారికి కొత్త కాదు. బావ మరదలిని, మరదలు బావను, పెళ్ళిలో ఆడపెళ్ళివారు మగపెళ్ళివారిని ఆట పట్టించడం మన ఇళ్ళలో ఒప్పుకున్న వ్యవహారమే. దీనికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి: పరాచికం, వేళాకోళం, ఎగతాళి, వెక్కిరింత, వేధింపు. ఒక మాట నుండి మరో మాటకు వెళ్ళేకొద్దీ నవ్వు తగ్గి, నొప్పి పెరుగుతుంది. వేధింపులో నవ్వేది ఒక పక్షమే.

ఇంట్లోని పరాచికం ఎందుకు హాని చేయదో కాస్త నిదానంగా చూడాలి. అది నలుగురి మధ్య, పెద్దల ఎదుట, వెలుతురులో జరుగుతుంది. బావ ఒక మాట అంటే మరదలికి రెండు మాటలు అనే హక్కు ఉంటుంది. ఎవరి కంట్లోనైనా నీరు కనిపిస్తే ఒక పెద్దావిడ "చాల్లే, ఇక ఊరుకోండి" అంటుంది, ఆట అక్కడితో ముగుస్తుంది. మరదలు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయినా ఆమెకు జరిమానా ఉండదు. తిరిగి అనగలగడం, ఆపమనగలగడం, లేచి వెళ్ళగలగడం, ఈ మూడూ ఉన్నంతసేపు అది ఆటే.

హాస్టల్ గదిలో సాధారణంగా ఈ మూడూ ఒకేసారి మాయం కావు. ఒక్కొక్కటిగా జారుకుంటాయి. అందుకే వాటిని గమనించడం కష్టం.

ఒక కుర్రవాడి మొదటి మూడు వారాలు

ఈ జారుడు ఎలా ఉంటుందో తెలియడానికి ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని విద్యార్థి ఏ ఒక్క వ్యక్తీ కాదు. అయితే ఇందులోని ప్రతి అంశమూ భారతదేశపు కళాశాల హాస్టళ్ళలో ఎందరికో పరిచయమైనదే.

శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చిన కుర్రవాడు. మొదటి రోజు ఇద్దరు తెలుగు సీనియర్లు అతని పెట్టెలు మోసి పెట్టారు. క్యాంపస్‌లో సైకిలు లేకపోతే గడవదు కాబట్టి, పాత సైకిలు ఎక్కడ చౌకగా దొరుకుతుందో చెప్పి వెంట వచ్చారు. రాత్రి మెస్‌లో అందరి ముందు "మీ ఊరేది తమ్ముడూ? ఒక పాట పాడు" అన్నారు. అతడు సగం పల్లవి పాడి ఆగిపోయాడు. అందరూ నవ్వారు. ఒక సీనియర్ అందుకుని, అంతకంటే శ్రుతి తప్పి, మిగిలిన సగం పాడాడు. కుర్రవాడు కూడా నవ్వాడు. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఇంటికి ఫోన్ చేసి "అన్నలు మంచివాళ్ళమ్మా" అని చెప్పాడు, అది నిజమే.

నాలుగో రోజు రాత్రి పదకొండున్నరకు మరో సీనియర్ గదికి రమ్మని కబురు వచ్చింది. ఒక్కడినే రమ్మన్నారు. గదిలో అయిదుగురు ఉన్నారు. ఫోన్ బయటి బల్ల మీద పెట్టి రమ్మన్నారు. తల దించుకుని, చొక్కా మూడో గుండీ వైపు చూస్తూ, "ఇంట్రో" ఇమ్మన్నారు. పేరు, ఊరు, కళాశాల, ర్యాంకు, తండ్రి ఉద్యోగం, అంతా హిందీలోనే చెప్పాలి, ఒక్క ఇంగ్లిషు మాట దొర్లినా మళ్ళీ మొదటి నుండి. ఆ కుర్రవాడికి వచ్చిన హిందీ పదవ తరగతి వాచకం వరకే. ఎనిమిదిసార్లు మొదలుపెట్టాడు. ఎవరూ అతనిని తాకలేదు, తిట్టలేదు. గంటన్నర తరువాత టీ ఇచ్చి పంపించారు. "బాగా భయపడ్డావురా, ఇదంతా సరదాకే" అన్నారు.

రెండో వారంలో ఆ గదిలోని ఒకరి ల్యాబ్ రికార్డు రాసిపెట్టమన్నారు. మరొకరు క్యాంటీన్ బిల్లు చెల్లించమన్నారు, నూట ఎనభై రూపాయలే. మూడో వారానికి తెల్లవారుజామున రెండు వరకు మెలకువగా ఉండడం అలవాటైంది. ఎనిమిది గంటల తరగతిలో నిద్రపోతున్నాడు. అమ్మ ఫోన్ చేస్తే "బిజీగా ఉన్నానమ్మా" అని రెండు మాటలలో ముగిస్తున్నాడు. ఆ హాస్టల్ ముందు నుండి పోకుండా చుట్టూ తిరిగి తరగతికి వెళ్తున్నాడు.

ఈ కథలో గీత ఎక్కడ దాటారు? చాలామంది రికార్డు దగ్గర అంటారు, కొందరు డబ్బు దగ్గర అంటారు. సరైన జవాబు నాలుగో రోజు రాత్రి, అతడు గదిలోకి అడుగుపెట్టిన క్షణం. అప్పటికి ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. కాని సమయం అర్ధరాత్రి, తలుపు మూసి ఉంది, అటు అయిదుగురు, ఇటు ఒక్కడు, ఫోన్ బయట ఉంది. మరదలికి ఉన్న మూడు హక్కులలో ఏదీ అతనికి లేదు. ఏం అడుగుతున్నారో వినకముందే, అడిగే తీరును బట్టి అది పరిచయం కాదని చెప్పవచ్చు. మొదటి రాత్రి మెస్‌లో అడిగిన ప్రశ్నలే ఇక్కడా అడిగారు, పాట బదులు హిందీ పెట్టారు, అంతే. అడిగిన విషయం కాక, అడిగిన పరిస్థితి దాన్ని వేధింపుగా మార్చింది.

"సరదాకే అన్నాం" అనే వాదన

ఫిర్యాదు వచ్చినప్పుడు సీనియర్ల నుండి దాదాపు ఎల్లప్పుడూ వినిపించే మాట ఇదే. చాలాసార్లు వారు అబద్ధం చెప్పడం లేదు కూడా. తమకు అది నిజంగానే సరదాగా ఉండి ఉంటుంది. అయితే నిబంధనల ప్రకారం ఆ వాదనకు విలువ లేదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2009లో ర్యాగింగ్ నిరోధక నిబంధనలు జారీ చేసింది. అంతకుముందు సుప్రీంకోర్టు నియమించిన ఆర్.కె. రాఘవన్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థి సీనియర్ల దెబ్బలకు మరణించడం దేశాన్ని కదిలించింది. ఆ తరువాత వచ్చిన ఈ నిబంధనలలో ర్యాగింగ్‌కు ఇచ్చిన నిర్వచనం విశాలమైనది. అవతలివారిని బాధపెట్టి ఆనందించాలన్న ఉద్దేశం గాని, అధికారం చూపించాలన్న ఉద్దేశం గాని ఉన్నా లేకపోయినా, కొత్త విద్యార్థి శరీరాన్నో, మనసునో, ఆత్మవిశ్వాసాన్నో దెబ్బతీసే పని ర్యాగింగే అవుతుందని అందులో ఉన్నది. అంటే చేసినవారి మనసులో ఏముందన్నది కాక, అవతలివారి మీద ఏమి పడిందన్నదే కొలమానం. సీనియర్ల చదువుకు సంబంధించిన పనులు కొత్త విద్యార్థితో చేయించడం, అతనితో బలవంతంగా ఖర్చు పెట్టించడం కూడా నిర్వచనంలోనే ఉన్నాయి. పై కథలోని ల్యాబ్ రికార్డు, నూట ఎనభై రూపాయల బిల్లు రెండూ దాని కిందికే వస్తాయి. మొత్తం చిన్నదైనా పెద్దదైనా తేడా లేదు.

2016లో యూజీసీ ఆ నిర్వచనానికి మరో భాగం చేర్చింది. జాతి, మతం, కులం, రంగు, లింగం, రూపం, ప్రాంతం, భాష, ఆర్థిక స్థితి వంటి వాటిని బట్టి వేధించడం కూడా ర్యాగింగ్ అని స్పష్టం చేసింది. పరాయి రాష్ట్రంలో చదివే తెలుగు విద్యార్థికి ఇది ప్రత్యేకంగా తెలియవలసిన అంశం. యాసను అనుకరించి నవ్వడం, రాని హిందీలో పదే పదే మాట్లాడించడం, దక్షిణాది వాడివని పేరు పెట్టి పిలవడం "ఇక్కడ అందరికీ మామూలే" అని కొట్టిపారేయదగినవి కావు.

ఇక రాష్ట్రాల చట్టాలు. ఖరగ్‌పూర్ పశ్చిమ బెంగాల్‌లో ఉన్నది కాబట్టి అక్కడ 2000 సంవత్సరపు ర్యాగింగ్ నిషేధ చట్టం వర్తిస్తుంది. విద్యార్థికి సిగ్గు, ఇబ్బంది, భయం కలిగించే పనిని ర్యాగింగ్‌గా పేర్కొంటూ, ఆటపట్టించడాన్నీ, మామూలుగా అయితే ఆ విద్యార్థి ఇష్టపడి చేయని పనిని చేయమనడాన్నీ ఆ చట్టం అందులో చేర్చింది. శిక్ష రెండేళ్ళ వరకు జైలు, అయిదు వేల రూపాయల వరకు జరిమానా. ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది. అది మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆటపట్టించి అవమానించడానికి ఆరు నెలల వరకు జైలు మొదటి మెట్టు. కొట్టడం, బెదిరించడం, నిర్బంధించడం తరువాతి మెట్లు. మరణానికి కారణమవడం, ఆత్మహత్యకు పురికొల్పడం చివరి మెట్టు. రెండు చట్టాలలోనూ "ఆటపట్టించడం" అనే మాట ఉండడం గమనించదగినది. చట్టం మన ఇంటి పరాచికాలను నేరం చేయలేదు. అవమానం కలిగించే ఆటను మాత్రమే తీసుకున్నది. కాని ఎంత చిన్న మెట్టు నుండి లెక్క మొదలవుతుందో సీనియర్లకు తెలిసి ఉండడం మంచిది.

ఇల్లూ రాత్రులు

ఖరగ్‌పూర్‌కే ప్రత్యేకమైన ఒక ఆచారం ఈ విషయాన్ని మరింత స్పష్టంగా చూపుతుంది. దీపావళి రాత్రి ఐఐటీ హాస్టళ్ళలో, వాటిని అక్కడ హాళ్ళు అంటారు, విద్యుద్దీపాలన్నీ ఆర్పివేస్తారు. వెదురుతో కట్టిన ఎత్తైన తడికెల మీద వేల ప్రమిదలు అమర్చి, వాటి వెలుగుతోనే పురాణ దృశ్యాలు, ఆకృతులు కనిపించేటట్లు చేస్తారు. నేల మీద పెద్ద రంగవల్లులు దిద్దుతారు. హాళ్ళ మధ్య పోటీ ఉంటుంది. ఊరి జనం కూడా చూడడానికి వస్తారు. దీన్ని ఇల్యుమినేషన్ అంటారు, విద్యార్థుల నోట అది "ఇల్లూ". తెలుగు పిల్లలకు ఆ మాట మొదటిసారి వింటే ఇల్లు గుర్తుకు రావడం సహజం.

వెదురు బద్దలు వంచడం, కట్టడం, ప్రమిదలు నిలపడం, నూనె పోయడం, వత్తులు వెలిగించడం, ఇవన్నీ చేతులు ఎన్ని ఉంటే అంత తేలికయ్యే పనులు. అందుకని పండుగ ముందు రాత్రులలో జూనియర్ల చేతులకు గిరాకీ ఎక్కువ. ఎందరో పూర్వ విద్యార్థులకు తమ చదువులోని అత్యంత మధురమైన జ్ఞాపకం ఇదే. వెదురు ముళ్ళు గుచ్చుకున్న వేళ్ళతో, రాత్రి రెండింటికి టీ తాగుతూ కుదిరిన స్నేహాలు జీవితాంతం నిలిచినవి ఉన్నాయి.

అదే పని మరోలా కూడా జరగవచ్చు. పక్కపక్కనే రెండు జట్లను ఊహించుకోండి. మొదటి జట్టులో సీనియర్ కూడా నేల మీద కూర్చుని వెదురు కడుతున్నాడు. రేపు క్లాస్ టెస్టు ఉందని ఒకడు లేచి వెళ్తే, "వెళ్ళి చదువుకో, ఎల్లుండి రా" అన్నారు. రెండో జట్టులో సీనియర్లు కుర్చీలలో కూర్చున్నారు. హాజరు పిలుస్తున్నారు. రాని వాడి పేరు రాసుకుంటున్నారు. టెస్టు ఉందన్నవాడికి బూతులు వినిపించాయి. మరునాడు అతడిని "హాల్ స్పిరిట్ లేనివాడు" అని వేరుగా కూర్చోబెట్టారు. రెండు జట్లు కట్టినదీ ఒకే తడికె, వెలిగించినదీ అవే ప్రమిదలు. దీపావళి రాత్రి చూసే ప్రేక్షకుడికి తేడా కనిపించదు. తేడా అంతా "రాను" అన్నవాడికి ఏమి జరిగింది అన్నదానిలో ఉన్నది.

ఖరగ్‌పూర్ విద్యార్థుల వాడుకలో ఒక పొట్టి మాట ఉండేది: ఓపీ. అది ఓరియెంటేషన్ ప్రోగ్రామ్ అనే పెద్దమనిషి మాటకు కుదింపు. కొత్తవారిని హాలు పద్ధతులకు అలవాటు చేయడం అని దాని అర్థం. ఆచరణలో అది ర్యాగింగ్‌కు మరో పేరుగా వాడుకలోకి వచ్చింది. దాదాపు ప్రతి కళాశాలలోనూ ఇటువంటి ముద్దు పేరు ఒకటి ఉంటుంది: ఇంట్రో, ఇంటరాక్షన్, ఫ్రెషర్స్ ట్రైనింగ్. ఒక పనికి దాని అసలు పేరు కాక మరో పేరు అవసరమైందంటే, ఆ పని గురించి చేసేవారికే ఎక్కడో సందేహం ఉన్నదని అర్థం.

కొత్తవాడు ఎందుకు కాదనలేడు

బయటి నుండి చూసేవారు "రానని చెప్పి ఉండవలసింది" అంటారు. అది అంత తేలిక కాదు. సీనియర్ల దగ్గర నిజంగానే విలువైనవి ఉంటాయి. పాత ప్రశ్నపత్రాలు, ఏ అధ్యాపకుడి దగ్గర ఏ ప్రాజెక్టు తీసుకోవాలో తెలిసిన అనుభవం, ఇంటర్న్‌షిప్‌కు కావలసిన పరిచయాలు వారి చేతిలో ఉంటాయి. "సీనియర్లతో పొత్తు లేకపోతే ఇక్కడ బతకలేవు" అన్న మాటలో కొంత నిజం ఉండడమే దాని బలం.

భాషా బంధం ఈ కష్టాన్ని పెంచుతుంది. పరాయి రాష్ట్రంలో కొత్త విద్యార్థికి మొదట అండ దొరికేది తన భాషవారి దగ్గరే. జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకువెళ్ళేది వారే, సంక్రాంతికి రైలు టికెట్టు దొరికే మార్గం చెప్పేదీ వారే. ఆ గుంపులోనే ఒకరిద్దరు హద్దు మీరితే, వారి మీద ఫిర్యాదు చేయడం ఇంటివారి మీద ఫిర్యాదు చేసినట్టు అనిపిస్తుంది. "మన తెలుగువాడి భవిష్యత్తు పాడుచేస్తావా?" అన్న ప్రశ్న ఒక్కటి చాలు, నోరు మూతపడడానికి. వేధించినవాడి భవిష్యత్తు గురించి ఇంత ఆలోచించేవారు, వేధింపబడినవాడి సెమిస్టరు గురించి ఆలోచించినట్టు కనిపించరు.

మరొక కారణం అప్పు వంటిది. నిరుడు తాము పడ్డవారు ఈ ఏడు వసూలు చేసుకుంటారు. అందుకే ఎక్కువగా వేధించేది చివరి సంవత్సరం వారు కాదు, రెండో సంవత్సరం వారు. నిన్నటి అవమానం ఇంకా పచ్చిగా ఉన్నది వారికే.

మౌనం ఎంత దూరం పోగలదో చెప్పే సంఘటనలు బెంగాల్‌లోనూ, తెలుగునాట కూడా ఉన్నాయి. 2015 జూలైలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం విద్యార్థిని బలవన్మరణం పాలైంది. సీనియర్ల వేధింపులే కారణమన్న ఆరోపణలపై అరెస్టులు, ప్రభుత్వ విచారణ జరిగాయి. 2022 అక్టోబరులో ఖరగ్‌పూర్ ఐఐటీ హాస్టల్‌లో అస్సాంకు చెందిన ఒక విద్యార్థి మృతదేహం లభించింది. కుటుంబ సభ్యులు ర్యాగింగ్, హత్య అని ఆరోపిస్తూ కలకత్తా హైకోర్టును ఆశ్రయించారు. ర్యాగింగ్ ఆరోపణలపై సంస్థ వ్యవహరించిన తీరును న్యాయస్థానం తప్పుపట్టింది. 2023లో రెండవ శవపరీక్షకు, ఆపై ప్రత్యేక దర్యాప్తు బృందానికి ఆదేశించింది. ఆ మరణానికి బాధ్యులెవరన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. 2023 ఆగస్టులో కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ హాస్టల్ బాల్కనీ నుండి పడి, చేరిన కొద్ది రోజులకే ఒక మొదటి సంవత్సరం విద్యార్థి మరణించాడు. అరెస్టయిన వారిలో చదువు ముగిసినా హాస్టల్ విడవని పూర్వ విద్యార్థులు కూడా ఉన్నారు. హాస్టల్‌లో ఎవరు ఉంటున్నారన్న మామూలు లెక్క సరిగా లేకపోవడం ఎంత ప్రమాదమో అది చూపింది.

గుర్తించేదెలా

వేధింపు జరుగుతున్న హాస్టల్‌ను గుర్తించడానికి గది తలుపులు బద్దలు కొట్టనవసరం లేదు. కొత్త విద్యార్థులు వరుసగా, తలలు దించుకుని నడుస్తారు. అందరికీ ఒకే తీరు కత్తిరింపు, మెడ వరకు గుండీలు కనిపిస్తాయి. ఉదయపు తరగతిలో ఒకే హాస్టల్ పిల్లలు కునికిపాట్లు పడతారు. దగ్గరి దారి వదిలి చుట్టు దారిన పోతారు. తల్లిదండ్రులకు తెలిసే గుర్తులు వేరు. ఫోన్ మాటలు పొట్టిగా మారతాయి. నెల మధ్యలో, కారణం చెప్పకుండా డబ్బు అడుగుతారు. "ఇంటికి వచ్చేస్తాను" అని ఒకసారి అని, మళ్ళీ "ఏం లేదులే" అంటారు. ఆ రెండో మాట విని ఊరుకోవడమే చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. ఒక్క గుర్తు కనిపిస్తే కొత్త ఊరి బెంగ కావచ్చు. రెండు మూడు కలిసి కనిపిస్తే ఎవరితో ఉంటున్నాడో, రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో అడగాలి.

ఇటీవలి కాలంలో గది స్థానాన్ని వాట్సాప్ గుంపు ఆక్రమిస్తున్నది. కొత్తవారిని అందులో చేర్చి, ఇన్ని నిమిషాలలో జవాబివ్వాలి, ఫలానా ఫొటో పంపాలి అని ఆజ్ఞలు వస్తాయి. ఇటువంటి గుంపులలో బెదిరించి వేధించడం కూడా ర్యాగింగే. అయితే మూసిన గదికి లేని ఒక లక్షణం దీనికి ఉన్నది: రాసినది మిగిలిపోతుంది. గుంపు నుండి బయటకు రాకముందే స్క్రీన్‌షాట్లు తీసి ఇంటివారికి పంపి ఉంచాలి.

ఫిర్యాదు నడిచే దారి

ఫిర్యాదు చేయాలనుకున్న విద్యార్థి ముందు ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోవాలి: తేదీ, సమయం, గది సంఖ్య, అన్న మాటలు. "నన్ను వేధిస్తున్నారు" అన్న వాక్యం కంటే "ఫలానా తేదీ రాత్రి పదకొండున్నర నుండి ఒంటిగంట వరకు, ఫలానా గదిలో, అయిదుగురు" అన్న వాక్యానికి విచారణలో బలం ఎక్కువ. అక్కడ ఉన్న తోటి జూనియర్లు ఎవరో కూడా రాయాలి. వారు ఇవాళ మాట్లాడకపోయినా, విడివిడిగా పిలిచి అడిగిన రోజు మాట్లాడవచ్చు.

ప్రతి సంస్థలోనూ ర్యాగింగ్ నిరోధక కమిటీ, హాస్టళ్ళలో తనిఖీలు చేసే స్క్వాడ్ ఉండాలని యూజీసీ నిబంధన. సొంత సంస్థలో చెప్పడానికి భయమైతే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, helpline@antiragging.in చిరునామాకు రాయవచ్చు. అక్కడ నమోదైన ఫిర్యాదును సంస్థ అధికారులకు పంపి, తీసుకున్న చర్య ఏమిటని అడుగుతారు. జరిగినది శిక్షార్హమైన నేరం అయితే, సమాచారం అందిన 24 గంటలలోగా సంస్థ అధిపతి పోలీసులకు ఫిర్యాదు చేయవలసి ఉంటుంది. మనసు కుంగి, బతకాలనిపించని స్థితిలో ఉన్నవారు ఫిర్యాదు సంగతి తరువాత చూసుకుని, ముందు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి.

సంస్థ విధించే శిక్షలు తరగతుల నుండి సస్పెన్షన్, ఉపకార వేతనం నిలుపుదల, హాస్టల్ నుండి వెలివేత, ఒకటి నుండి నాలుగు సెమిస్టర్ల బహిష్కరణ, ప్రవేశం రద్దు వరకు పోవచ్చు. చేసినవారెవరో తేలకపోతే గుంపు మొత్తానికి శిక్ష వేసే వీలు కూడా నిబంధనలలో ఉన్నది. ఇది కఠినమే, కొన్నిసార్లు అన్యాయం కూడా కావచ్చు. అయితే పక్కన నిలబడి నవ్విన నలుగురిలో ఒకరైనా నోరు విప్పడానికి ఈ భయం పనికి వస్తున్నది.

ఫిర్యాదు చేసినంత మాత్రాన అంతా చక్కబడదు. హాస్టల్‌లో కొంతకాలం ఎవరూ మాట్లాడకపోవచ్చు. అందుకని ఫిర్యాదుతో పాటే గది మార్పు అడగడం మంచిది, ఆ అడిగిన సంగతి కూడా రాతపూర్వకంగా ఉండాలి. రోజూ కలిసే ఒక అధ్యాపకుడికో, వార్డెన్‌కో వారానికోసారి తన పరిస్థితి చెప్పుకునే ఏర్పాటు చేసుకోవాలి. పట్టణంలో బంధువులో, తెలిసిన రైల్వే కుటుంబమో ఉంటే శని, ఆదివారాలు అక్కడ గడపవచ్చు. మొదటి సంవత్సరం విద్యార్థులకు వేరుగా వసతి కల్పించాలన్న నిబంధన ఉన్నది కాబట్టి, ప్రవేశ సమయంలోనే తల్లిదండ్రులు రెండు ప్రశ్నలు అడగవచ్చు: మా అబ్బాయి ఉండే భవనంలో సీనియర్లు ఉంటారా? రాత్రి వేళ బాధ్యత ఎవరిది, వారి ఫోన్ నంబరు ఏది?

ప్రవేశ సమయంలో ర్యాగింగ్ చేయబోమని విద్యార్థి, తల్లిదండ్రులు సంతకం చేసే హామీ పత్రం ఒకటి ఉంటుంది. చాలా ఇళ్ళలో దాన్ని పదింటిలో ఒక కాగితంగా, చదవకుండానే సంతకం చేస్తారు. మరుసటి జూలైలో అదే అబ్బాయి సీనియర్ అవుతాడు, అదే పత్రం మీద ఆ ఏడు కూడా సంతకం చేస్తాడు. అప్పుడు రైలు దిగి, సూట్‌కేసుతో వరండాలో నిలబడేది మరొకడు.